ఆఫీసులోకి నీళ్లొచ్చాయా? మాప్ పట్టుకునే ముందు టేప్ పట్టుకోండి

ఈ రోజు టాపిక్ కొంచెం బోరింగ్‌గా అనిపించొచ్చు. వర్షానికి ఆఫీసు మునిగితే రిపోర్ట్ ఎలా రాయాలి? కానీ ఇందులో నేను చేసిన ఒక పిచ్చి పని ఉంది. దానికి మా మామయ్య క్లయింట్ల డేటా మూడు నెలలది పోయింది. ఆ ముక్క దాచకుండా చెప్తాను, ఎందుకంటే ఎపిసోడ్ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

2023 డిసెంబర్ 5. మిచౌంగ్ తుఫాను మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. గుడివాడలో ఇంటి నుంచే పని చేసుకుంటున్నాను అప్పుడు. మా మామయ్యకి బందరులో చిన్న ఆఫీసు ఉంది. జీఎస్టీ రిటర్నులు, అకౌంట్లు రాసే పని. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక ఇనప బీరువా, బోలెడు ఫైళ్లు. 6వ తేదీ పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఆఫీసులో మోకాలి కింద దాకా నీళ్లొచ్చి దిగాయంట. వాచ్‌మన్ చెప్పాడు. నువ్వు కంప్యూటర్లు చదివినోడివి కదా, బయల్దేరి రా." బండి మీద వెళ్లాను.

వెళ్లేసరికి మామయ్య ఒక కాగితం మీద ఇన్సూరెన్స్ కంపెనీకి రిపోర్ట్ రాసేశాడు. రెండు లైన్లు. "నిన్నటి భారీ వర్షానికి మా ఆఫీసులోకి వరద నీరు ప్రవేశించి కంప్యూటర్లు, ఫైళ్లు పూర్తిగా పాడైపోయినవి. నష్టపరిహారం ఇప్పించగలరు." అబద్ధం ఏమీ లేదు. కానీ చదివినవాడికి ఏం తెలుస్తుంది? నీళ్లు ఎంత ఎత్తు? ఎన్ని గంటలు? ఎన్ని కంప్యూటర్లు? "పూర్తిగా" అంటే ఎవరు చూశారు? ఒక్కదానికీ జవాబు లేదు. పైగా అక్కయ్య, అంటే ఆఫీసులో పనిచేసే ఆవిడ, అప్పటికే చీపురు పట్టుకుని గుమ్మం దగ్గర బురద ఊడుస్తోంది. ఆపేశాను. ఆ రోజు నేను కరెక్ట్‌గా చేసిన పనుల్లో అదొకటి.

గోడ మీద గీత

లోపలికి వెళ్లే ముందు మెయిన్ స్విచ్ ఆఫ్ అయిందో లేదో చూసుకోవాలి. వీధిలో కరెంటు లేకపోయినా సరే, ఎందుకంటే ఏ నిమిషంలోనైనా రావచ్చు. లోపల ఇన్వర్టర్ ఉంటే దాని బ్యాటరీ నుంచి సాకెట్లకి కరెంటు వస్తూనే ఉంటుంది. స్విచ్‌బోర్డు నీళ్లలోంచి నడిస్తేగానీ అందదు అంటే మీరు వెళ్లకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మా దగ్గర మెయిన్ బయట వరండాలో ఉంది కాబట్టి సరిపోయింది. ఎవరు ఆపారు, ఎన్నింటికి ఆపారు అన్నది కూడా రాసుకోండి. ఇది తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు గోడ చూడండి. నీళ్లు దిగాక గోడ మీద, తలుపు మీద, బీరువా మీద ఒక మురికి గీత మిగులుతుంది. ఎంతవరకు మునిగిందో చెప్పే సాక్ష్యం అదే. తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతుంది, అందుకే మాప్ కంటే ముందు టేప్ అన్నాను. నేల నుంచి గీత దాకా సెంటీమీటర్లలో కొలవండి. ఒక్కచోట కొలిస్తే చాలదు, ఎందుకంటే నీటి మట్టం సమానంగానే ఉంటుంది గానీ మన నేల సమానంగా ఉండదు. మాకు గుమ్మం దగ్గర 31, మధ్యలో 33, వెనక గదిలో 36 వచ్చింది. వెనక గది నేల పల్లం అన్నమాట. గీతకి ఆనించి టేప్ పెట్టి, అంకె కనపడేలా ఫోటో తీయండి. అదే చోట నుంచి వెనక్కి జరిగి గది మొత్తం వచ్చేలా ఇంకొకటి.

ఫోటోల గురించి ఒక మాట. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు తగ్గుతుంది, ఎప్పుడు తీశారన్న వివరం కూడా ఫైల్‌లోంచి పోతుంది. ఒరిజినల్ ఫోన్‌లో ఉంచండి, పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. పేర్లు ఇలా పెడితే వెతుక్కోనక్కర్లేదు:

```
2023-12-06_room2_waterline_36cm.jpg
2023-12-06_room1_cpu2_serial.jpg
```

ఎత్తు తర్వాత టైమ్. వాచ్‌మన్ 5వ తేదీ ఉదయం 11:20కి గుమ్మం దాటి నీళ్లు లోపలికి వెళ్తున్న ఫోటో తన ఫోన్‌లో తీసి ఉంచాడు. 6న ఉదయం 7కి తలుపు తీసేసరికి నేల మీద బురద మాత్రమే ఉంది. అంటే గరిష్ఠంగా 20 గంటలు. రిపోర్ట్‌లో "సుమారు 20 గంటలు" అని ఊరికే రాయలేదు, ఈ రెండు ఆధారాలూ రాశాం. వర్షం ఎంత పడిందన్నది మన నోటి లెక్క కాకుండా వాతావరణ శాఖ లెక్క తీసుకోవాలి. మచిలీపట్నంలో వాళ్ల కేంద్రం ఉంది. ఒక చిన్న కిటుకు: వాళ్ల రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. 6వ తేదీ అని వేసిన అంకెలో 5వ తేదీ పగలు పడిన వాన ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఇక్కడ తేదీ తప్పు వేస్తారు.

ఏ నీళ్లు?

మన డెల్టాలో ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. ఎందుకంటే మూడు రకాల నీళ్లు ఇళ్లలోకొస్తాయి. ఒకటి, వర్షం ఎక్కువై డ్రెయిన్ పొంగిన నీళ్లు. రెండు, కాలువ, ఏరు, నది నీళ్లు. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లినప్పుడు కింద దివిసీమ లంకల్లోకి వచ్చింది ఇదే. బుడమేరు నుంచి గుడివాడ వైపు నందివాడ పల్లెల్లోకి వచ్చిందీ ఇలాంటిదే. ఒండ్రు ఎక్కువ, రోజుల తరబడి దిగదు. మూడోది సముద్రం. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన గురించి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు కదా, అది.

ఆఫీసు సామానుకి ఈ తేడా ఎందుకంటే, సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్లు ఆరినా ఉప్పు ఆరిపోదు. సర్క్యూట్ బోర్డు మీద పొరలా ఉండి, గాలిలో తేమ పీల్చి, రాగిని తినేస్తూ ఉంటుంది. ఆరబెట్టాక పనిచేసిన వస్తువు రెండు వారాల తర్వాత చచ్చిపోతే అనుమానించాల్సింది దీన్నే. డ్రెయిన్ నీళ్లయితే అసలు సమస్య మురుగు. కాగితాలు, మనుషుల ఆరోగ్యం రెండిటికీ ప్రమాదం.

రుచి చూసి తేల్చకండి, ప్లీజ్. మూలన మిగిలిన నీళ్లు ఒక సీసాలో పట్టి మూత పెట్టి, తేదీ రాసి ఉంచండి. వాటర్ ఫిల్టర్లకి వాడే టీడీఎస్ మీటర్ ఎవరింట్లోనైనా దొరుకుతుంది. ముందు అదే వీధి కొళాయి నీళ్లు, తర్వాత సీసా నీళ్లు పెట్టి చూడండి. మాకు రెండూ వందల్లోనే వచ్చాయి. సముద్రపు నీళ్లయితే చవక మీటర్ స్కేలే దాటిపోతుంది. కాబట్టి "వీధి డ్రెయిన్ పొంగి వచ్చిన నీరు, ఉప్పు నీరు కాదు, సీసా ఉంచాం" అని రాశాం.

సామాను: గీతకి పైనా, కిందా?

ఇప్పుడు గీత చేతిలో ఉంది కదా, లిస్ట్ సులభం. ఒక్కో వస్తువుకి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రాయండి. గీత కంటే కింద ఏ భాగం ఉందో దానంతట అదే తేలిపోతుంది. మాకు ఇలా వచ్చింది. రెండు సీపీయూలు నేల మీదే ఉన్నాయి, 33 సెంటీమీటర్ల వరకు మునిగాయి. మూడోది 15 సెంటీమీటర్ల స్టాండ్ మీద ఉంది కాబట్టి కింది 18 సెంటీమీటర్లు తడిసింది. చాలా కేబినెట్లలో హార్డ్ డిస్క్ కింద, ముందు వైపు ఉంటుంది, అంటే అదీ తడిసింది. నాలుగోది టేబుల్ మీద, తడవలేదు. నేల మీదున్న యూపీఎస్ పూర్తిగా మునిగింది. వెనక గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ ట్రాలీ మీద ఉంది. కింద సగానికి పైగా తడిసింది గానీ టెర్మినల్స్ గీత కంటే పైనే ఉన్నాయి. మామయ్య దాన్ని కూడా "పోయింది" లిస్ట్‌లో వేశాడు. తీసేసి "పరీక్షించాలి" కింద వేశాం. తర్వాత అది పనిచేసింది కూడా. పోనిదాన్ని పోయిందని రాస్తే, నిజంగా పోయినవాటిని కూడా నమ్మరు.

ప్రతి వస్తువు పక్కన కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్. స్టిక్కర్ తడిసి ఊడొచ్చేలా ఉంటుంది, ముందే ఫోటో తీయండి. కొన్న బిల్లు తడిసిపోతే మెయిల్‌లో వెతకండి, అమ్మినవాళ్ల దగ్గర కాపీ అడగండి.

ఇక నా ఘనకార్యం. 6న సాయంత్రం కరెంటు వచ్చింది. రెండో సీపీయూ విప్పి, తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో అరగంట ఆరబెట్టాను. పైకి చుక్క తడి లేదు. "మామయ్యా, ఒక్కసారి ఆన్ చేసి చూస్తా" అన్నాను. బీటెక్ ధైర్యం. పక్క షాపు నుంచి వైరు లాగి స్విచ్ వేశాను. టప్ మంది. కాలిన వాసన. పవర్ సప్లై, బోర్డు, హార్డ్ డిస్క్ మీద ఉండే సర్క్యూట్, మూడూ పోయాయి. ఆఖరి బ్యాకప్ సెప్టెంబర్‌ది. నవంబర్ దాకా ఎంట్రీలు అందులోనే ఉన్నాయి.

ఎందుకలా అయిందో చెప్తాను. కనపడే చోట ఆరింది గానీ చిప్‌ల కిందా, కనెక్టర్ల లోపలా నీళ్లూ సన్నటి బురదా ఉండిపోయాయి. కరెంటు లేనంతసేపు ఆ తడి పెద్దగా హాని చేయదు. కరెంటు ఇచ్చిన క్షణం షార్ట్ అవుతుంది. మునిగిన డిస్క్ విషయంలో ఇంకో ఉల్టా సంగతి ఉంది: దాన్ని మనం ఆరబెట్టకూడదు. ఆరితే లోపల చేరిన మురికి ప్లేటుకి అతుక్కుంటుంది. తడిగానే జిప్ కవర్లో పెట్టి, సీల్ చేసి, డేటా రికవరీ వాళ్లకి పంపాలి. మొదటి, మూడో సీపీయూల డిస్కులు అలాగే హైదరాబాద్ పంపాం. వాటిలోంచి చాలావరకు వచ్చింది. నేను "బాగుచేసిన" దాంట్లోంచి ఏమీ రాలేదు.

ఆ రాత్రి మామయ్య అన్నాడు, "అది కూడా నీళ్లకే పోయిందని రాసేయరా, ఎవడికి తెలుస్తుంది?" నాకూ అదే రాయాలనిపించింది. సిగ్గుగా ఉంది మరి. కానీ రాయలేదు. "సీపీయూ 2: 33 సెం.మీ. వరకు మునిగింది. 6వ తేదీ సాయంత్రం ఆరబెట్టి ఆన్ చేయగా షార్ట్ అయింది. ఆన్ చేసింది నేను" అని రాశాను. నీళ్లు చేసిన నష్టం, మనం చేసిన నష్టం వేర్వేరు లైన్లలో ఉండాలి. దీని ఫలితం ఏంటో చివర్లో.

కాగితాలకి 48 గంటలు

తడిసిన కాగితానికి సుమారు 48 గంటల్లో బూజు మొదలవుతుంది. మన బందరు గాలిలో తేమకి అంతకంటే ముందే రావచ్చు. మా లెక్కలో 5వ తేదీ 11:20కి తడిస్తే 7వ తేదీ మధ్యాహ్నం దాకా టైమ్. బీరువా కింది అరలో 62 ఫైళ్లు. తడిసి ఉబ్బి బిగుసుకుపోయాయి, లాగితే రావు. బలంగా లాగితే చిరుగుతాయి. అర మధ్యలోంచి పలచటి ఫైల్ ఒకటి తీసి ఖాళీ చేసుకుని, మిగతావి రెండు చేతులతో కింద ఆధారం ఇచ్చి తీశాం. పిండకూడదు, తెరవకూడదు.

అన్నీ ఆరబెట్టే టైమ్ లేదు కాబట్టి ముందు మూడు గుట్టలు చేశాం. మొదటిది, మళ్లీ దొరకనివి: క్లయింట్లు ఇచ్చిన సంతకాల ఒరిజినల్ ఒప్పందాలు, చేతిరాత లెడ్జర్లు. రెండోది, కష్టపడితే దొరికేవి: రిజిస్టర్డ్ దస్తావేజు లాంటివి. వాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ వస్తుంది. మూడోది, పోర్టల్‌లోంచి మళ్లీ ప్రింట్ తీసుకోగలిగేవి: దాఖలు చేసిన రిటర్నుల కాపీలు. మామయ్య అన్నిటికంటే ముందు మూడో గుట్ట ఆరబెట్టబోయాడు, ఎందుకంటే అదే పెద్దది. అది పక్కన పెట్టేశాం. అయితే పారేయడానికి తొందరపడలేదు. జీఎస్టీ లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. ఏది పారేశామో, దానికి బదులు ఎక్కడ దొరుకుతుందో లిస్ట్ లేకుండా పారేస్తే రేపు అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

మొదటి గుట్టలో 19 ఫైళ్లు. ఏడింటిని రెండో గదిలో ఆరబెట్టాం. రంగు లేని తెల్ల కాగితాల మధ్య పెట్టి, గంటకోసారి ఆ కాగితాలు మార్చి, ఫ్యాన్ గోడ వైపు తిప్పి గాలి కదిలేలా చేశాం. ఎండలో పెట్టలేదు, పెడితే కాగితం వంకరపోయి పెళుసవుతుంది. బాల్‌పెన్ రాత, లేజర్ ప్రింట్ చెక్కుచెదరలేదు. ఫౌంటెన్ పెన్ సిరా, ఇంక్‌జెట్ ప్రింట్, రబ్బరు స్టాంపులు కారిపోయాయి. స్వైపింగ్ మెషీన్ స్లిప్పుల లాంటివాటికి వేడి తగలనివ్వకండి, మొత్తం నల్లబడతాయి. అవి ముందే ఫోటో తీసేయండి.

మిగిలిన పన్నెండు? ఫ్రీజర్‌లో పెట్టాం. నిజంగానే. మామయ్య ఫ్రెండ్‌ది ఐస్‌క్రీమ్ షాపు, జనరేటర్ ఉంది, డీప్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు. ఒక్కో ఫైల్‌ని విడిగా పాలిథీన్ కవర్లో చుట్టి నంబర్ రాసి పెట్టాం. గడ్డకట్టిన కాగితానికి బూజు పెరగదు, సిరా ఇంకా కారదు. 48 గంటల గడియారం ఆగిపోతుంది. తర్వాత రోజుకి రెండు చొప్పున బయటికి తీసి ఆరబెట్టుకున్నాం. బందరు, దివిసీమ వైపు రొయ్యలు, చేపల కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి కాబట్టి పెద్ద ఆఫీసులు కూడా ఈ దారి ఆలోచించొచ్చు. ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. ఫ్రీజర్ టైమ్ ఇస్తుంది గానీ, అప్పటికే కారిపోయిన సిరాని వెనక్కి తేదు.

క్లీనింగ్ కూడా రిపోర్ట్‌లో భాగమే

శుభ్రం చేసిన ప్రతి అడుగు టైమ్‌తో రాశాం. మొదట బురద. అది తడిగా ఉండగానే పారతో తీయాలి, ఎండితే రాయిలా అంటుకుంటుంది. బూట్లు, గ్లౌజులు తప్పనిసరి. డ్రెయిన్ నీళ్లలో ఎలుకల మూత్రం నుంచి వచ్చే జ్వరం కాలి మీద చిన్న గీత ఉన్నా పట్టుకుంటుంది. తర్వాత సబ్బునీళ్లతో కడగాలి. ఆ తర్వాతే బ్లీచింగ్ పౌడర్, పది లీటర్ల నీళ్లకి సుమారు 35 గ్రాములు. బురద మీదే చల్లితే దాని బలమంతా బురదకే సరిపోతుంది. బాత్రూమ్ యాసిడ్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది. ఇనప బీరువాకి వాడితే తుప్పు పడుతుంది, దాన్ని సబ్బుతో కడిగి పొడిగుడ్డతో తుడవండి చాలు.

మునిగిన సాకెట్లు, స్విచ్‌లు ఎలక్ట్రీషియన్ మార్చేశాకే మెయిన్ వేశాం. పాతవి పారేయలేదు, ఒక గోనెసంచిలో వేసి ఉంచాం. సర్వేయర్ చూసేదాకా ఏదీ గేటు దాటకూడదు. పారేయక తప్పని కంపుకొట్టే ఫైళ్లు అయితే ఫోటో, లెక్క, తేదీ, తర్వాతే పారేయడం.

చివరికి మా రిపోర్ట్ ఈ వరుసలో వచ్చింది, రెండు పేజీలు:

1. ఎక్కడ, ఎప్పుడు: నీరు ప్రవేశించినట్టు ఆధారం, దిగినట్టు ఆధారం, వాతావరణ కేంద్రం వర్షం లెక్క.
2. నీరు: ఏ రకం, మూడు చోట్ల ఎత్తు, ఫోటో నంబర్లు.
3. సామాను: పేరు, సీరియల్, ఉన్న ఎత్తు, మునిగిన ఎత్తు, ప్రస్తుత స్థితి. స్థితి మూడే మాటల్లో: పాడైంది, పరీక్షించాలి, తడవలేదు.
4. నీరు దిగిన తర్వాత జరిగిన నష్టం: ఏం జరిగింది, ఎవరు చేశారు.
5. రికార్డులు: ఎన్ని తడిశాయి, ఎన్ని ఆరబెట్టాం, ఎన్ని ఫ్రీజర్‌లో ఉన్నాయి, ఏవి మళ్లీ తెచ్చుకోవచ్చు.
6. శుభ్రం: తేదీ, టైమ్, చేసిన పని, చేసినవారి పేరు.

సర్వేయర్ గారు వచ్చి ముందు టేప్ ఫోటో అడిగారు. తర్వాత రెండో సీపీయూ తెరిచి బోర్డు మీద కాలిన మచ్చ చూశారు. "ఇది మునిగినప్పుడు వచ్చింది కాదండీ, కరెంటు ఉన్నప్పుడు వచ్చింది" అన్నారు. నేను నాలుగో పాయింట్ చూపించాను. ఒక నిమిషం చదివి తల ఊపారు. ఆ ఒక్క సీపీయూ మీద కోత పడింది. డేటాకి ఆ పాలసీలో కవర్ కూడా లేదు. కానీ మిగతా లిస్ట్‌లో ఒక్క లైన్ మీద కూడా రెండో ప్రశ్న రాలేదు. ఆ మచ్చని నీళ్ల ఖాతాలో రాసి ఉంటే ఆయన మిగతా అన్నిటినీ విప్పి చూసేవారు.

మూడు నెలల ఎంట్రీలు మాత్రం క్లయింట్ల దగ్గర బిల్లులు మళ్లీ అడిగి తెచ్చుకుని అక్కయ్య, నేను సంక్రాంతి దాకా టైప్ చేశాం. ఇప్పుడు ఆ ఆఫీసులో సీపీయూలన్నీ టేబుల్ మీదే ఉంటాయి. వెనక గది గోడ మీద 36 సెంటీమీటర్ల దగ్గర మామయ్య పెయింట్‌తో ఒక గీత గీయించాడు, పక్కన తేదీ రాసి. బీరువా కింది అర ఖాళీ.